కంప్లీషన్ రేట్ గురించి క్లబ్ సభ్యుల ముందు ఏం మాట్లాడాలి?

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. మా కాలేజీ మీడియా క్లబ్‌కి ఈ ఏడాది నేనే హెడ్. మా ఛానల్లో ఫెస్ట్ వీడియోలు, ల్యాబ్ ప్రయోగాల వీడియోలు రెండూ పెడతాం. మావాళ్లంతా వ్యూస్ ఎన్ని వచ్చాయనే చూస్తున్నారు. చివరిదాకా ఎంతమంది చూశారన్నది, అంటే కంప్లీషన్ రేట్, ముఖ్యమని మొదటి మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడాలి. రీల్స్ టీమ్ నొచ్చుకోకుండా, క్లాసు పీకినట్టు కాకుండా ఎలా చెప్పాలి?

జవాబు:

మొదటి రెండు నిమిషాలు నీతుల జోలికి పోకుండా, కౌంటర్ అసలు దేన్ని లెక్కపెడుతోందో చెప్పడానికే కేటాయించండి. ఒక వ్యూ అంటే ఒక మనిషి మన వీడియో చూసినట్టే అని మీ సభ్యుల్లో చాలామంది అనుకుంటూ ఉంటారు. వారి ఉత్సాహమూ నిరుత్సాహమూ రెండూ ఆ నమ్మకం మీదే నడుస్తుంటాయి. యూట్యూబ్ 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ లెక్క మార్చింది. అప్పటి నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, లేదా పూర్తయి మళ్లీ మొదటికి వచ్చి ఆడితే చాలు, ఒక వ్యూ జమ అవుతుంది; కనీసం ఇన్ని సెకన్లు చూసి ఉండాలన్న నియమమేమీ లేదు. పాత పద్ధతి లెక్కను మాత్రం తీసేయకుండా `Engaged views` అనే పేరుతో అనలిటిక్స్‌లో విడిగా ఉంచింది. షార్ట్స్ మీద ఇచ్చే ఆదాయాన్నీ, పార్ట్‌నర్ ప్రోగ్రామ్ అర్హతనూ ఆ పాత లెక్క మీదే చూస్తోంది. అంటే అందరికీ కనబడేలా ఒక అంకె పెట్టి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ కంపెనీయే మరో అంకెను నమ్ముకుంటోంది. ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు, వ్యూస్‌ని మీరు చిన్నబుచ్చుతున్నారని ఎవరూ అనుకోరు.

దీని వెనక ఇంకొంచెం పాత కథ ఉంది. సమయం ఉంటే ఒక వాక్యంలో చెప్పవచ్చు. 2012కి ముందు యూట్యూబ్ సిఫారసుల్లో వ్యూస్‌దే పెద్ద పాత్ర. దాంతో ఊరించే థంబ్‌నెయిల్ పెట్టి క్లిక్ చేయించుకుని, తీరా తెరిచాక ఏమీ లేని వీడియోలు పైకి రావడం మొదలైంది. ఆ ఏడాది నుంచి వీడియోను ఎంతసేపు చూశారన్న లెక్కకు ప్రాధాన్యం ఇస్తూ ఆ పద్ధతిని మార్చారు. మీరు ఇప్పుడు మీ క్లబ్‌లో చేయబోతున్నది కూడా అదే మార్పు; కాకపోతే పద్నాలుగు మంది సభ్యులున్న ఒక గదిలోనో, పాతిక మంది ఉన్న సెమినార్ హాల్లోనో చేస్తున్నారు.

ఆ తరువాత సిద్ధాంతం ఆపేసి మీ ఛానల్లోవే రెండు వీడియోలు తెర మీద పెట్టండి. బయటి ఉదాహరణ ఎంత గొప్పదైనా పనిచేయదు, ఎందుకంటే అది వేరేవాళ్ల గొడవ. మీ అంకెలు నా దగ్గర లేవు కాబట్టి లెక్క ఎలా చేయాలో తెలియడానికి ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూపిస్తాను, వీటి స్థానంలో మీవి వేసుకోండి. ఒకటి ఫెస్ట్ మీద తీసిన నలభై సెకన్ల రీల్ అనుకుందాం. దానికి 9,000 వ్యూస్, సగటున చూసినది 6 సెకన్లు, చివరిదాకా ఉన్నవారు 2 శాతం. రెండోది ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు చేసి చూపిన ఆరు నిమిషాల ల్యాబ్ వీడియో. దానికి 640 వ్యూస్, సగటున చూసినది 3 నిమిషాల 30 సెకన్లు, చివరిదాకా ఉన్నవారు 40 శాతం. 9,000ని 6తో గుణిస్తే 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. 640ని మూడున్నరతో గుణిస్తే 2,240 నిమిషాలు, అంటే 37 గంటల 20 నిమిషాలు. ఇక చివరిదాకా చూసినవారు మొదటిదానికి 180, రెండోదానికి 256. వ్యూస్‌లో పద్నాలుగో వంతు ఉన్న వీడియో, జనం దాని ముందు కూర్చున్న సమయంలో రెట్టింపు కంటే ఎక్కువ ఉంది. ఈ గుణకారాన్ని మీరు చేసి చూపించకండి, బోర్డు మీద ఒక సభ్యుడి చేత చేయించండి. అంకె తన చేతిమీదుగా వచ్చినప్పుడు మనిషి దానితో వాదించడు.

ఈ భాగానికి ప్రసంగ పాఠం ఇలా ఉండవచ్చు. మీ మాటతీరుకు తగినట్టు మార్చుకోండి:

"మిత్రులారా, మన ఫెస్ట్ రీల్‌కి తొమ్మిది వేల వ్యూస్ వచ్చిన రోజు గ్రూపులో అందరం స్క్రీన్‌షాట్లు పెట్టుకున్నాం, నేనూ పెట్టాను. అది తప్పేమీ కాదు. మన కాలేజీ పేరు తొమ్మిది వేల సార్లు ఎవరో ఒకరి ఫోన్లో కనబడింది. అయితే భోజనాల పందిట్లోకి ఎంతమంది అడుగుపెట్టారన్నది ఒక లెక్క, పెరుగన్నం దాకా ఎంతమంది కూర్చున్నారన్నది ఇంకో లెక్క. వంట ఎలా ఉందో రెండో లెక్కే చెబుతుంది. ఇవాళ్టి నుంచి మనం మన వంట గురించి మాట్లాడుకుందాం. ఈ వీడియోలో జనం ఏ సెకను దగ్గర లేచి వెళ్లిపోయారో తెర మీద చూద్దాం. ఎవరు ఎడిట్ చేశారన్నది నేను చెప్పను, మీరూ అడగవద్దు."

ఆ చివరి వాక్యం మర్యాద కోసం పెట్టినది కాదు. ఏ సెకను దగ్గర ఎంత శాతం మంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫ్‌ని నలుగురిలో చూపించేటప్పుడు పేరు బయటికి వస్తే చర్చ గ్రాఫ్‌ని వదిలేసి మనిషి మీదికి పోతుంది. మీరు చూపించేవాటిలో కనీసం ఒకటి మీ సొంత ఎడిటింగ్ అయితే ఇంకా నయం.

గ్రాఫ్ చూపించడమే మీ ప్రసంగానికి ఆయువుపట్టు, దానికి నాలుగు నిమిషాలైనా ఇవ్వండి. యూట్యూబ్ స్టూడియోలో వీడియో తెరిచి అనలిటిక్స్‌లోకి వెళితే `Key moments for audience retention` అనే చోట ఆ గీత కనబడుతుంది. ఎడమవైపు శాతం, అడుగున వీడియో సమయం ఉంటాయి. పైన చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ వీడియోలో గీత ఎలా ఉండవచ్చో ఊహించి చెబుతాను, ఎందుకంటే కాలేజీ ల్యాబ్ వీడియోలు ఎన్నో చూశాను, దాదాపు అన్నీ ఒకే చోట్ల తడబడతాయి. మొదటి ఎనిమిది సెకన్లు క్లబ్ లోగో తిరుగుతుంది. ఆ తరువాత ముప్పై అయిదో సెకను దాకా కాలేజీ పేరు, డిపార్ట్‌మెంట్ పేరు, గైడ్ పేరు, ముగ్గురు విద్యార్థుల పేర్లు, హాల్ టికెట్ నంబర్లతో సహా. గీత నూరు దగ్గర మొదలై ముప్పయ్యో సెకనుకు అరవై ఆరుకు పడిపోయి ఉంటుంది. స్టూడియో ఈ ముప్పై సెకన్ల గడప దగ్గర ఎందరు మిగిలారన్నది విడిగా కూడా చెబుతుంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు ఇంకా ట్రాన్స్‌ఫార్మర్‌నే చూడలేదు, వెళ్లిపోయారు. వారికి ట్రాన్స్‌ఫార్మర్ నచ్చకపోవడమన్న ప్రసక్తే లేదు, మనం చూపించలేదంతే. ఇలాంటి చోట సభ్యులను "ఏం చేద్దాం?" అని అడగండి. పేర్లన్నీ వివరణ పెట్టెలోకి తోసేసి, మీటర్లు బిగించిన బల్ల మీద నుంచి వీడియో మొదలుపెట్టాలని వారే చెబుతారు.

ఆ తరువాత సిద్ధాంతం చెప్పే భాగంలో గీత మెల్లగా అరవై దాకా జారుతుంది, అది సహజం. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర హఠాత్తుగా డెబ్బై ఎనిమిదికి లేస్తుంది. ఓపెన్ సర్క్యూట్ టెస్టులో వాట్‌మీటర్ కలిపేది అక్కడే. లో వోల్టేజ్ వైపు సప్లై ఇచ్చి, హై వోల్టేజ్ వైపు తెరిచి ఉంచి చేసే ఈ టెస్టులో పవర్ ఫ్యాక్టర్ బాగా తక్కువ ఉంటుంది కాబట్టి ఎల్‌పీఎఫ్ వాట్‌మీటర్ వాడాలి. షార్ట్ సర్క్యూట్ టెస్టులో యూపీఎఫ్ వాట్‌మీటర్. ఎం, ఎల్, సి, వి టెర్మినళ్లలో ఏ వైరు ఎక్కడికి పోవాలన్నది ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌లో పిల్లలు తడుముకునే చోటు. కాబట్టి గీత లేచింది చూసి జనం ఆసక్తిగా చూశారని సంతోషించాలని అనిపిస్తుంది. అలా వెంటనే సంతోషించవద్దు. గీత పైకి లేచిందంటే కొందరు నేరుగా అక్కడికే దూకి వచ్చి ఉండాలి, లేదా వెనక్కి జరిపి మళ్లీ చూసి ఉండాలి. వీడియోను ఆ చోట ఆపి చూస్తే తెలుస్తుంది: వైరు బిగించే కుర్రవాడి మోచెయ్యి కెమెరాకు అడ్డం వచ్చింది, వైరు ఎంలోకి పోయిందో ఎల్‌లోకి పోయిందో కనబడటం లేదు. అలాంటప్పుడు ఆ శిఖరం ఆసక్తికి గుర్తు కాదు, అర్థంకాక మళ్లీ చూసినందుకు గుర్తు. కింద కామెంట్లలో "అన్నా, ఎం ఎక్కడ కలిపారు?" అని ఒక్కటి కనబడినా సందేహం తీరిపోతుంది. వచ్చేసారి కెమెరాను బల్లకు పైనుంచి పెట్టి తీయాలి. వ్యూస్ అంకెను ఎన్నిసార్లు తిరగేసినా ఈ మోచెయ్యి సంగతి దానిలోంచి బయటికి రాదు.

ఆ గ్రాఫ్‌లోనే మరో మలుపు ఉంది, అది చూపించకపోతే మీ సభ్యులు కంప్లీషన్ రేట్‌ని కూడా గుడ్డిగా నమ్మడం మొదలుపెడతారు. 5 నిమిషాల 20 సెకన్లకు సమానవలయం, అంటే ఈక్వివలెంట్ సర్క్యూట్, విలువలతో సహా పూర్తయింది. మిగిలిన నలభై సెకన్లు ధన్యవాదాలు, క్లబ్ సభ్యుల ఫొటోలు, సంగీతం. 5:20 దగ్గర యాభై శాతం మంది ఉన్నారు, అంటే 320. చివరి సెకను దగ్గర 256. మధ్యలో పోయిన 64 మంది మన వీడియోని సగంలో వదిలినవారు కారు, పని పూర్తి చేసుకుని వెళ్లినవారు. కాబట్టి మీ క్లబ్‌లో కంప్లీషన్ అంటే ఫైల్ చివరి సెకను దాకా అని కాకుండా, విషయం ముగిసిన సెకను దాకా అని నిర్వచించుకోండి. ఆ సెకను ఏదో ఎడిట్ చేసినవారే అప్‌లోడ్ చేసేముందే రాసి పెట్టాలి. గ్రాఫ్ వచ్చాక రాస్తే తనకు అనుకూలమైన చోటు చూసుకుని రాస్తారు, అది మానవ స్వభావం.

ఇంకా ముఖ్యమైన పరిమితి ఒకటి ఉంది. ల్యాబ్ వీడియో కథ కాదు, సమయానికి అక్కరకు వచ్చే వస్తువు. ఎక్స్‌టర్నల్‌కి ముందు రాత్రి ఒక అమ్మాయి నేరుగా వాట్‌మీటర్ దగ్గరికి దూకి, ఇరవై సెకన్లు చూసి, రికార్డులో బొమ్మ సరిచూసుకుని మూసేసిందనుకోండి. కంప్లీషన్ లెక్కలో ఆమె మనల్ని వదిలేసినట్టు. నిజానికి మన వీడియో ఆమెకు పూర్తిగా ఉపయోగపడింది. కనుక మొదటి నుంచి చివరి దాకా చెప్పే వీడియోలకు, అంటే డాక్యుమెంటరీ, ఇంటర్వ్యూ, ఫెస్ట్ కథనం వంటివాటికి కంప్లీషన్ రేట్‌ను ప్రమాణంగా పెట్టండి. ప్రయోగ వీడియోలకు అధ్యాయాలుగా టైమ్‌స్టాంపులు ఇచ్చి, ముఖ్యమైన ఘట్టాల దగ్గర గీత నిలబడుతోందా లేదా అన్నది చూడండి. ఈ తేడా మీరే ముందుగా చెప్పాలి. మీరు చెప్పకపోతే మూడో వరుసలో ఉన్న తెలివైన జూనియర్ లేచి చెబుతాడు, అప్పుడు మీ ప్రసంగం మొత్తం ఊగిసలాడుతుంది.

ఆ జూనియరే ఇంకో మాట కూడా అనవచ్చు: "అయితే అన్నీ పదిహేను సెకన్ల వీడియోలే తీద్దాం, కంప్లీషన్ తొంభై దాటుతుంది." నిజమే, దాటుతుంది. చిన్న వీడియోకి శాతం ఎక్కువ రావడం దాని గొప్పతనం కాదు, దాని పొడవు తక్కువ కావడం. లూప్ అయ్యే షార్ట్‌కి సగటు శాతం నూరు కూడా దాటుతుంది, ఎందుకంటే అదే మనిషి రెండోసారి చూసినది కూడా కలుస్తుంది. అందువల్ల దాదాపు ఒకే పొడవున్న, ఒకే రకం వీడియోల మధ్యనే పోల్చాలి. ఆరు నిమిషాల వీడియోని గత ఆరు నిమిషాల వీడియోతో, షార్ట్‌ని షార్ట్‌తో. ఇక వ్యూస్ బాగా తక్కువ ఉన్నప్పుడు శాతాన్ని పట్టించుకోకండి. ముప్పై మంది చూసిన వీడియోలో ఒక్కరు మధ్యలో లేచి వెళితేనే మూడు శాతం పైగా కదులుతుంది. దాని మీద చర్చ పెట్టడం వృథా. అప్‌లోడ్ చేసిన సాయంత్రమే గ్రాఫ్ తెరిచి కూర్చోవడం కూడా దండగ, రిటెన్షన్ లెక్క స్టూడియోలోకి రావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది.

లెక్కలో ఎవరిని కలుపుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అన్నది ఎప్పుడూ అడగాలనడానికి ఒక మంచి దాఖలా ఉంది. ఫేస్‌బుక్ 2016లో తన సగటు వీక్షణ సమయం లెక్క తప్పని ఒప్పుకుంది. మూడు సెకన్ల కంటే తక్కువ చూసినవారిని లెక్కలోంచి తీసేసి సగటు కట్టడం వల్ల ఆ అంకె ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనబడింది, రెండేళ్లపాటు ప్రకటనదారులు దాన్నే నమ్మారు. మీ క్లబ్‌లో ఎవరైనా "మనం కంప్లీషన్ యాభై తెచ్చాం" అన్నప్పుడు ఎవరిలో యాభై అని అడగడం అలవాటు చేయండి.

ఇక్కడే మీ క్లబ్‌లు అన్నిటికీ ఉన్న ఒక దురలవాటు గురించి సూటిగా చెప్పండి. వీడియో పెట్టగానే లింకును ఫస్ట్ ఇయర్ గ్రూపులు, హాస్టల్ గ్రూపులు, బంధువుల గ్రూపులు అన్నింటిలో వేసి "ఒక్కసారి ఓపెన్ చేయండి ప్లీజ్" అని బతిమాలడం. సివిల్ బ్రాంచి కుర్రవాడు స్నేహధర్మం కోసం ట్రాన్స్‌ఫార్మర్ వీడియో తెరిచి అయిదు సెకన్లలో మూసేస్తాడు. వ్యూ ఒకటి పెరిగింది, గీత మొదట్లోనే ఇంకాస్త కుంగింది. తరువాత మనం గ్రాఫ్ చూసి "ఇంట్రో బాగాలేదేమో" అని ఇంట్రోను కోస్తూ కూర్చుంటాం. నిజానికి ఇంట్రోలో తప్పు లేదు, పిలిచినవారిలో ఉంది. దీన్ని గుర్తుపట్టడం సులువు: అనలిటిక్స్‌లో ఎక్కడి నుంచి వచ్చారన్న పట్టికలో వాట్సాప్ నుంచి వచ్చినవారి సగటు వీక్షణ సమయాన్ని, యూట్యూబ్‌లో వెతుక్కుని వచ్చినవారి సగటుతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండోవారి సగటు బాగుండి మొదటివారిది అథమంగా ఉంటే వీడియోని ముట్టుకోకండి, లింకును ఈఈఈ రెండో సంవత్సరం, మూడో సంవత్సరం గ్రూపులకే పరిమితం చేయండి.

రీల్స్ టీమ్ నొచ్చుకుంటుందేమోనన్న మీ భయానికి నా సమాధానం చిన్నదే. వారిని సముదాయించకండి, వారికి ఒక పని ఇవ్వండి. చేరువ ఎంతైందన్నదానికి వ్యూస్ నిజమైన కొలతే; ఫెస్ట్‌కి స్పాన్సర్‌ను అడిగేటప్పుడూ ప్రిన్సిపాల్‌గారికి నివేదిక ఇచ్చేటప్పుడూ ఆ అంకె కావాలి, దాన్ని దాచనక్కరలేదు. వారి వైపు తిరిగి ఇలా అనవచ్చు: "గుమ్మం దాకా జనాన్ని తేవడం మీకు వచ్చు, అది మాలో ఎవరికీ రాదు. ల్యాబ్ వీడియోల మొదటి పదిహేను సెకన్లు ఈ సెమిస్టర్ మీరు కట్ చేయండి." షార్ట్స్‌లో ఎంతమంది చూడటానికి ఆగారు, ఎంతమంది తోసేసి వెళ్లారు అన్న లెక్క స్టూడియోలో విడిగా ఉంటుంది, మొదటి రెండు సెకన్లలో మనిషిని ఆపడం ఎలాగో ఆ లెక్క చూస్తూ నేర్చుకున్నవారు వాళ్లే. నిజం చెప్పాలంటే, లోగో తిప్పే పిచ్చి రీల్స్ తీసేవారిలో తక్కువ, పొడుగు వీడియోలు తీసేవారిలోనే ఎక్కువ.

ప్రసంగం ముగించేటప్పుడు సభ్యులను ఒకే ఒక్క కొత్త నియమానికి ఒప్పించండి, రెండోది అడగకండి. నేనైతే ఇది అడుగుతాను: ప్రతి వీడియోకీ అప్‌లోడ్ చేసిన వారం తరువాత క్లబ్ గ్రూపులో వ్యూస్ స్క్రీన్‌షాట్ బదులు రిటెన్షన్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ పెట్టాలి. దాని కింద మూడు వాక్యాలు చాలు. విషయం ముగిసిన సెకను దగ్గర ఎంత శాతం మిగిలారు, గీత అన్నిటికంటే ఎక్కువగా పడిన చోట తెర మీద ఏం ఉంది, వచ్చే వీడియోలో ఏం మారుస్తాం. రాసేది ఎడిటర్, వారం లోపు రాయకపోతే అడిగేది మీరు. మొదటి నెలలో ఇది తంతుగానే నడుస్తుంది. "జనానికి ఓపిక లేదు" అనే వాక్యం రెండో ప్రశ్నకు జవాబుగా పదేపదే వస్తుంది, దాన్ని ఒప్పుకోకండి. తెర మీద ఏం ఉందన్నది ప్రశ్న, జనంలో ఏం లేదన్నది కాదు. "1:12 దగ్గర బోర్డు మీద ఫార్ములా ఉంది, అక్షరాలు ఫోన్లో చదవడానికి వీలుగా లేవు" అన్నట్టు వస్తేనే దాంతో పని జరుగుతుంది.

ప్రశ్నలకు రెండు నిమిషాలు మిగుల్చుకోండి. "ఎంత శాతం వస్తే మంచిది?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. యాభై అనో అరవై అనో ఒక అంకె ఇచ్చేయాలని నోటిదాకా వస్తుంది, ఇవ్వకండి. ఇస్తే రేపటి నుంచి వీడియోల పొడవు ఆ అంకెకు తగ్గట్టు కుదించుకుపోతుంది. మీ ఛానల్లోనే అదే పొడవున్న గత నాలుగైదు వీడియోల సగటు ఎంతో స్టూడియోలో అప్పటికప్పుడు తెరిచి చదివి, దీన్ని దాటితే మంచిదని చెప్పి కూర్చోండి.